అచ్చయిన పేపర్లో కాపీ బయటపడితే

2011లో 'అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్' అనే జర్నల్‌లో బెంగళూరు శాస్త్రవేత్తల పేపరొకటి అచ్చయింది. గ్రాఫీన్‌తో పరారుణ కాంతిని పసిగట్టే పరికరాలు తయారు చేయడం దాని విషయం. రచయితల్లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యుడు ఎస్.బి. కృపానిధి ఒకరు, అప్పట్లో ప్రధానమంత్రి శాస్త్ర సలహా మండలికి అధ్యక్షుడైన సి.ఎన్.ఆర్. రావు మరొకరు. అచ్చయ్యాక తేలిందేమిటంటే, అందులోని కొన్ని వాక్యాలు 2010లో 'అప్లైడ్ ఫిజిక్స్ లెటర్స్'లో వేరే బృందం రాసిన పేపర్లోంచి ఉన్నవి ఉన్నట్టుగా వచ్చి చేరాయి. ఉపోద్ఘాతం రాసింది పరిశోధక విద్యార్థి అని, ఫలితాలు మాత్రం పూర్తిగా తమవేనని బృందం చెప్పింది. కొద్ది రోజులకు అదే జర్నల్‌లో నాలుగైదు లైన్ల క్షమాపణ అచ్చయింది. ఫలానా పేపర్లోని పాఠాన్ని వాడుకున్నందుకు కరస్పాండింగ్ ఆథర్ విచారిస్తున్నారని, పాఠకులకు, సమీక్షకులకు, ఎడిటర్లకు రచయితలు క్షమాపణ చెబుతున్నారని దాని సారాంశం. అసలు పేపర్ని మాత్రం జర్నల్ వెనక్కి తీసుకోలేదు.

2012 ఫిబ్రవరిలో ఈ సంగతి పత్రికలకెక్కినప్పుడు, పెద్దాయన పేరుంది కాబట్టే వదిలేశారా అని అడిగినవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ జర్నళ్లు పాటించే పద్ధతి తెలిస్తే, పేరు లేని స్కాలర్ రాసిన పేపర్ విషయంలోనూ ఈ తీర్పే రావడానికి ఆస్కారం ఉందని అర్థమవుతుంది. ఎందుకంటే ఇలాంటి సందర్భంలో ఎడిటర్ ముందుగా చూసేది ఎన్ని వాక్యాలు కాపీ అయ్యాయన్నది కాదు. ఎదుటివాళ్ల మాటలు తీసుకున్నారా, ఎదుటివాళ్ల పని తీసుకున్నారా అన్నది. మొదటిదైతే చాలావరకు సవరణతో సరిపోతుంది. రెండోదైతే పేపర్ నిలవదు.

పని తీసుకోవడం అంటే ఎలా ఉంటుందో అమెరికాలో జరిగిన ఒక సంఘటన చూస్తే తెలుస్తుంది. బోస్టన్‌లోని టఫ్ట్స్ మెడికల్ సెంటర్‌కు చెందిన మైకేల్ డాన్సింజర్ అనే వైద్యుడు సహచరులతో కలిసి ఒక పరిశోధన చేసి, 'ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్' అనే పేరున్న జర్నల్‌కు పంపారు. జర్నల్ దాన్ని తిరస్కరించింది. కొంతకాలానికి అదే పేపర్ మరో జర్నల్‌లో, వేరేవాళ్ల పేర్లతో దర్శనమిచ్చింది. 'ఆనల్స్' తరఫున ఆ రాతప్రతిని రహస్యంగా చదివి అభిప్రాయం చెప్పిన సమీక్షకుడే దాన్ని తనదిగా అచ్చు వేయించుకున్నాడు. మాటలు, పట్టికలు దాదాపు అన్నీ డాన్సింజర్ బృందానివే. మారింది రోగులు మాత్రమే. అమెరికా రోగుల స్థానంలో ఎక్కడో యూరప్‌లో పరీక్షించినట్టు చెప్పిన రోగులు వచ్చారు. 2016లో ఆ పేపర్ ఉపసంహరణ అయింది. డాన్సింజర్ ఆ సమీక్షకుడి పేరు బయటపెట్టకుండా, అతణ్ణి ఉద్దేశించి 'ఆనల్స్'లోనే బహిరంగ లేఖ రాశారు.

ఇక్కడ నష్టపోయింది డాన్సింజర్ ఒక్కడే కాదు. లేని రోగుల మీద చేసిన పరీక్ష వైద్య సాహిత్యంలో చేరింది. రేపు ఎవరో పదిహేను అధ్యయనాలు కలిపి లెక్క కడితే, ఈ దొంగ అధ్యయనం కూడా అందులో ఒకటై ఫలితాన్ని ఒకవైపు మొగ్గేలా చేస్తుంది. అలాంటి పేపర్ని ఎన్ని సవరణలు వేసినా బాగుచేయలేం. ఉపసంహరణ అంటే రచయితకు వేసే శిక్ష అని మన విశ్వవిద్యాలయాల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. నిజానికి అది పాఠకుడికి ఇచ్చే హెచ్చరిక, ఈ పేపర్ మీద ఆధారపడవద్దని. శిక్ష సంగతి రచయిత పనిచేసే సంస్థ చూసుకుంటుంది. ఈ రెండూ వేర్వేరని తెలియకపోవడం వల్లే చాలామంది భయపడి, దాచిపెట్టి, చిన్న తప్పును పెద్దది చేసుకుంటారు.

ఎవరూ చెప్పకముందే తెలిస్తే

ఒక సందర్భం ఊహించుకుందాం. వరంగల్‌లో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్ కలిసి పేపర్ రాశారు. నల్లగొండ బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌ను చింతగింజలతో చేసిన బొగ్గుపొడితో ఎంతవరకు తగ్గించవచ్చో అందులో చూపించారు. పేపర్ అచ్చయి ఏడాది అయింది. ఒకరోజు ఆమె మరో పని మీద పాత పేపర్లు చదువుతుంటే, ఒక పేరా ఎక్కడో చదివినట్టు అనిపించింది. తమ పేపర్ తీసి చూస్తే అదే పేరా, అదే వరసలో ఉంది. స్కాలర్‌ను పిలిచి అడిగారు.

"ఇంట్రో ఒక్కటే మేడమ్. ఇంగ్లిష్ బాగా రాయడం రాక అలా పెట్టేశాను. తర్వాత మారుద్దామనుకుని మర్చిపోయాను."

ఈ జవాబు నిజమే కావచ్చు. కానీ ఇంట్రో ఒక్కటేనా అన్నది ఆమె స్వయంగా తేల్చుకోవాలి. కృపానిధి, రావుల పేపర్ గొడవ తర్వాత అదే బృందం రాసిన మరికొన్ని పేపర్లలోనూ ఇతరుల వాక్యాలు ఉన్నాయని వార్తలు వచ్చాయి. ఒకచోట కనిపిస్తే మిగతా చోట్ల కూడా వెతకాల్సిందే. ఆమె చేయాల్సిన మొదటి పని రెండు పేపర్లనూ అచ్చు తీసి పక్కపక్కన పెట్టుకుని, పెన్ను పట్టుకుని లైను లైనూ చదవడం. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రిపోర్టు ఇందుకు సాయపడుతుంది గానీ తీర్పు చెప్పదు. నూటికి 30 వచ్చిన రిపోర్టులో సగం రెఫరెన్సులు, రసాయనాల పేర్లు, పరికరాల మోడళ్లు కావచ్చు. 4 శాతమే వచ్చిన రిపోర్టులో ఆ 4 శాతమే పేపర్‌కు ప్రాణమైన వివరణ కావచ్చు. పదాలు మార్చి రాసినవి, వేరే భాషలోంచి దించినవి, బొమ్మలు సాఫ్ట్‌వేర్‌కు అంత తేలిగ్గా చిక్కవు.

అలా చదివాక ఆమెకు మూడు చోట్ల కాపీ కనిపించిందనుకుందాం. ఉపోద్ఘాతంలో ఫ్లోరోసిస్ గురించిన రెండు పేరాలు ఒక పాత పేపర్లోవి. ఫ్లోరైడ్ బొగ్గుపొడికి ఎలా అంటుకుంటుందో చూపే బొమ్మ ఇంకో పేపర్లోది, రంగులు మాత్రమే మార్చారు. ఇక చర్చ భాగంలో, ఆమ్లగుణం పెరిగినకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువగా ఎందుకు పట్టుబడిందో చెప్పే పేరా కూడా బొమ్మ ఉన్న ఆ పేపర్లోదే. ఈ మూడూ ఒకే తప్పు కాదు. మొదటిది మాటల అరువు. బొమ్మ విషయంలో పేరు చెప్పకపోవడంతో పాటు కాపీరైటు చిక్కు కూడా ఉంది. కింద పేరు రాసినంత మాత్రాన సరిపోదు, చాలా సందర్భాల్లో ప్రచురణకర్త అనుమతి కూడా ఉండాలి. మూడోది అన్నిటికన్నా గట్టిది, ఎందుకంటే అక్కడ తీసుకున్నది ఒక ఆలోచన. ఆ వివరణ తాము కనిపెట్టినట్టు పాఠకుడు అనుకుంటాడు.

ఇంకొక పని మిగిలింది, అన్నిటికన్నా ముఖ్యమైనది. స్కాలర్ ల్యాబ్ నోట్‌బుక్ తెప్పించి, పేపర్లోని ప్రతి పట్టికనూ దానితో సరిచూడాలి. ఏ ఊరి బోరు నుంచి ఏ తేదీన నీళ్లు తెచ్చారు, పరికరం ఇచ్చిన అంకె ఎంత, పట్టికలో వేసింది ఎంత. వాక్యాలు అరువు తెచ్చుకున్నవాళ్లందరూ అంకెలు కూడా అరువు తెచ్చుకుంటారని కాదు. కానీ ఎడిటర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. 'ఫలితాలు మావే' అని రాసేటప్పుడు ఆమె చేతిలో ఆ పేజీల ఫొటోలు ఉండాలి.

ఆ తర్వాత పేపర్లో పేరున్న ప్రతి ఒక్కరికీ విషయం రాతపూర్వకంగా చెప్పాలి. ఫోన్లో చెప్పి ఊరుకుంటే తర్వాత 'నాకు తెలియదు' అనేవాళ్లు తయారవుతారు. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ సంఘం ఐసీఎంజేఈ నియమాల ప్రకారం, రచయితగా పేరు పెట్టుకున్నవాళ్లు పేపర్లోని ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా దాన్ని పరిశీలించి తేల్చే బాధ్యత తీసుకున్నట్టే. రసాయనశాస్త్రంలోనూ ఇప్పుడు చాలా జర్నళ్లు ఇదే అడుగుతున్నాయి. తప్పు చేసింది స్కాలరే అయినా, పేపర్ చదివి పంపింది గైడు. అందుకే నెపమంతా విద్యార్థి మీదికి నెట్టే ఉత్తరం ఎడిటర్‌కు మంచి అభిప్రాయం కలిగించదు. ఏ భాగం ఎవరు రాశారో నిజం చెప్పాలి, పంపేముందు తాను సరిచూడలేదన్న నిజాన్నీ దాని పక్కనే చెప్పాలి.

ఎడిటర్‌కు రాసే ఉత్తరం

ఇలాంటి ఉత్తరం పొడుగ్గా ఉండనక్కర్లేదు. ఆమె రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

"అయ్యా, మీ జర్నల్‌లో అచ్చయిన మా పేపర్ (శీర్షిక, సంపుటి, డీఓఐ సంఖ్య) గురించి రాస్తున్నాను. రెండో పేజీలోని మొదటి రెండు పేరాలు ఫలానా పేపర్ నుంచి, మూడో బొమ్మ, ఎనిమిదో పేజీలోని రెండో పేరా ఫలానా పేపర్ నుంచి, మూలం చెప్పకుండా తీసుకున్నవని నిన్న గుర్తించాను. రెండింటినీ పక్కపక్కన చూపే పట్టికను జతచేస్తున్నాను. ప్రయోగ ఫలితాలను ల్యాబ్ నోట్‌బుక్‌తో సరిచూశాను, అవి మావే. కావాలంటే ఆ పేజీలు పంపగలను. ఆ భాగాలను మా పరిశోధక విద్యార్థి రాశారు, పంపేముందు సరిచూడాల్సిన బాధ్యత నాది, నేను సరిచూడలేదు. సహరచయితలందరికీ, మా సంస్థకూ ఈ విషయం తెలియజేశాను. ఏ చర్య తీసుకోవాలో మీరు నిర్ణయించాలని కోరుతున్నాను."

ఈ ఉత్తరంలో లేనివి కూడా గమనించాలి. 'తెలియక జరిగింది' అన్న మాట లేదు. కాపీ చేసి అతికించడం తెలియక జరగదు, ఎడిటర్లకు ఆ సంగతి బాగా తెలుసు. ఇంగ్లిష్ మాతృభాష కాదన్న సంజాయిషీ లేదు. పేపర్ని తీసేయమని గానీ ఉంచమని గానీ ఒత్తిడి లేదు. ఎవరి వాక్యాలు పోయాయో ఆ రచయితలకు ఇంకో ఉత్తరం రాయడం మర్యాద. అయితే 'మాకు అభ్యంతరం లేదు' అని వాళ్ల చేత రాయించుకుని అది జర్నల్‌కు చూపించే ప్రయత్నం మాత్రం చేయకూడదు. మోసపోయింది ఆ రచయితలొక్కరే కాదు, పాఠకులు కూడా. వాళ్ల తరఫున ఆ రచయితలు మాఫీ చేయలేరు.

చేయకూడని పనులు మరికొన్ని ఉన్నాయి, అవన్నీ చప్పుడు లేకుండా సర్దేయాలన్న తాపత్రయంలోంచి వచ్చేవే. తన వెబ్ పేజీలో పెట్టిన ప్రతిని గుట్టుగా మార్చేయడం. తర్వాత రాసే పేపర్లో ఆ మూలాన్ని ఉదహరించి, బాకీ తీరిందనుకోవడం. తెలిసినవాళ్ల ద్వారా ఎడిటర్‌తో మాట్లాడించడం. మార్పులు, తేదీలు అన్నీ ఎక్కడో ఒకచోట నమోదై ఉంటాయి. ఆరునెలల తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ముందు తెలిసీ దాచారన్నది రెండో ఆరోపణగా వచ్చిపడుతుంది.

ముందుగా చెప్పుకోవడం వల్ల పరువు పోతుందన్న భయం సహజం. 2013లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్'లో వచ్చిన ఒక అధ్యయనం ఈ విషయాన్నే కొలిచి చూసింది. ఒక పేపర్ ఉపసంహరణ అయ్యాక, అదే రచయితల పాత పేపర్లను ఇతరులు ఉదహరించడం కూడా తగ్గిపోతుందని తేలింది. కానీ తప్పును రచయితలే స్వయంగా బయటపెట్టినప్పుడు ఆ తగ్గుదల కనిపించలేదు. కాపీకీ ఇతర పొరపాట్లకూ తేడా ఉంటుంది కాబట్టి దీన్ని హామీగా తీసుకోలేం. అయినా ముందే రాసినవాళ్ల మాటకు విలువ ఉంటుందనడానికి ఇది మంచి ఆధారం.

జర్నల్ ఏం చేస్తుంది

ప్రపంచంలో చాలా జర్నళ్లు కోప్ అనే సంస్థ చెప్పిన దారిలో నడుస్తాయి. ప్రచురణ నైతికత కోసం 1997లో బ్రిటన్‌లో కొందరు ఎడిటర్లు కలిసి మొదలుపెట్టిన కమిటీ ఇది. అచ్చయిన పేపర్లో కాపీ ఉందని ఫిర్యాదు వస్తే ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో చూపే పటం ఒకటి వాళ్లు తయారు చేశారు. ఎడిటర్ ముందు రెండు పేపర్లనూ పోల్చి చూస్తాడు. చిన్న చిన్న వాక్యాలే వచ్చి, డేటా జోలికి పోకపోతే రచయితకు మామూలు స్వరంలో రాసి, మూలాన్ని ఉదహరిస్తూ సవరణ వేయడం గురించి మాట్లాడతాడు. పెద్ద పెద్ద భాగాలో, డేటానో తమదిగా చూపించి ఉంటే, ఆధారాలు జతచేసి కరస్పాండింగ్ ఆథర్‌ను సంజాయిషీ అడుగుతాడు. జవాబు సంతృప్తిగా లేకపోయినా, తప్పు ఒప్పుకున్నా, మిగతా రచయితలందరికీ రాసి ఉపసంహరణ గురించి ఆలోచిస్తాడు. వాళ్ల సంస్థకు తెలియజేస్తాడు. కాపీకి గురైన పేపర్ ఏ జర్నల్‌లో వచ్చిందో ఆ ఎడిటర్‌కూ చెబుతాడు. అసలు జవాబే రాకపోతే సంస్థకు రాస్తాడు, అక్కడా ఉలుకూ పలుకూ లేకపోతే మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ రాస్తూనే ఉండాలి.

ఈ చివరి మాటను బట్టే ఇది ఎంత నెమ్మదిగా సాగుతుందో ఊహించుకోవచ్చు. ఎడిటర్‌కు ల్యాబ్‌లోకి వచ్చి తనిఖీ చేసే అధికారం లేదు, ఎవరినీ కూర్చోబెట్టి విచారించలేడు. ఆ పని సంస్థ చేయాలి. సంస్థ తేల్చడానికి ఏడాది పడుతుందనుకుంటే, ఈలోగా పాఠకులను హెచ్చరించడానికి జర్నల్ ఒక మధ్యంతర నోటీసు వేయవచ్చు. ఇంగ్లిష్‌లో దాన్ని 'ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్సర్న్' అంటారు. ఈ పేపర్ మీద అనుమానాలున్నాయి, విచారణ నడుస్తోంది అని దాని అర్థం. విచారణ ముగిశాక దాని స్థానంలో సవరణో, ఉపసంహరణో, ఏమీ లేదన్న ప్రకటనో వస్తుంది.

మన చింతగింజల పేపర్‌కు ఏమవుతుంది? ఉపోద్ఘాతం, బొమ్మ వరకే అయితే సవరణ నోటీసు వచ్చే అవకాశం ఎక్కువ. ఏ పేరాలు ఎక్కడివో చెప్పి, మూలాలను చేర్చి, అనుమతి లేని బొమ్మను తీసి కొత్తది పెడతారు. కానీ ఆ ఆమ్లగుణం వివరణే పేపర్లో కొత్త సంగతని సారాంశంలో చెప్పుకుని ఉంటే ఎడిటర్ ఆగి ఆలోచిస్తాడు. అది తీసేస్తే పేపర్లో మిగిలేది ఏమిటి? చింతగింజల బొగ్గు ఇంత ఫ్లోరైడ్‌ను పట్టిందన్న కొలతలు మిగులుతాయి. అవి వాటంతటవే ప్రచురించదగ్గవని అనిపిస్తే సవరణ, లేదంటే ఉపసంహరణ. ఇందులో ఎడిటర్ విచక్షణకు చాలా చోటుంది, ఇద్దరు నిజాయితీ గల ఎడిటర్లు భిన్నంగా తీర్పు చెప్పవచ్చు కూడా. రచయితలు ఒప్పుకోకపోయినా జర్నల్ పేపర్ని ఉపసంహరించగలదు. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో నోటీసులో రాస్తారు.

ఉపసంహరణ అంటే పేపర్ మాయమైపోవడం కాదు. శీర్షిక ముందు `RETRACTED` అన్న మాట చేరుతుంది, పీడీఎఫ్‌లో పేజీలకు అడ్డంగా అదే ముద్ర పడుతుంది. డీఓఐ అలాగే ఉంటుంది. ఇదివరకే ఆ పేపర్ని ఉదహరించినవాళ్లు వచ్చి చూస్తే ఏం జరిగిందో తెలియాలి కదా. నోటీసు విడిగా అచ్చయి పేపర్‌కు లింకై ఉండాలి, డబ్బు కట్టకుండా ఎవరైనా చదవగలగాలి. ఉపసంహరిస్తున్నది ఎవరు, ఎందుకు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. ఐవాన్ ఒరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ అనే ఇద్దరు విలేకరులు 2010లో మొదలుపెట్టిన 'రిట్రాక్షన్ వాచ్' ఇలాంటి నోటీసులను ఒకచోట చేర్చింది. 2023లో ఆ జాబితాను క్రాస్‌రెఫ్ అనే సంస్థ కొని, అందరికీ ఉచితంగా తెరిచింది. రెఫరెన్సులు సర్దుకోవడానికి స్కాలర్లు వాడే జొటేరో సాఫ్ట్‌వేర్ ఆ జాబితాతో సరిచూసి, ఉపసంహరించిన పేపర్ మీద ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది.

నోటీసులు రాయడంలో జర్నళ్లు చాలాసార్లు మొహమాటపడతాయి. కాపీ అన్న మాట అనడానికి నోరు రాక, 'గణనీయమైన సారూప్యత' అనో 'ఉదహరించడంలో లోపం' అనో రాస్తాయి. బెంగళూరు పేపర్ నోటీసు కూడా ఏ పేపర్ నుంచి తీసుకున్నారో చెప్పింది గానీ, ఏ వాక్యాలో చెప్పలేదు. ఏ భాగంలో కాపీ ఉందో, ఫలితాలను ఎవరు సరిచూశారో ఇంకో రెండు లైన్లు రాసి ఉంటే, పెద్దాయన కాబట్టి వదిలేశారా అన్న ప్రశ్నకు బలం ఉండేది కాదని నా అభిప్రాయం. దాపరికం లేని నోటీసు నిజాయితీగా ఉన్న సహరచయితలను కూడా కాపాడుతుంది.

మన సంస్థల్లో

జర్నల్ తన పని చేశాక, లేదా చేస్తుండగానే, సంస్థ విచారణ మొదలవుతుంది. మన దేశంలో దీనికి 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనలు ఆధారం. డిపార్ట్‌మెంట్ స్థాయిలో ఒక ప్యానెల్, సంస్థ స్థాయిలో ఒక ప్యానెల్ ఉంటాయి, ఒక్కోదానికి గడువు 45 రోజులు. పోలిక 10 శాతం లోపైతే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు రాతప్రతిని వెనక్కి తీసుకోమంటారు. 40 దాటి 60 వరకు అయితే దానితో పాటు ఒక ఇంక్రిమెంటు పోతుంది, రెండేళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. 60 దాటితే రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్లు. రెఫరెన్సులు, కొటేషన్లలో పెట్టి మూలం చెప్పినవి, ప్రామాణిక సమీకరణాలు ఈ లెక్కలోకి రావు.

శాతాల మీద నిలబడ్డ ఈ కొలబద్దతోనే ఇబ్బంది. చింతగింజల పేపర్లో కాపీ అయినది మొత్తం మీద 8 శాతమే అనుకుందాం. యూజీసీ లెక్కలో అది శిక్ష లేని స్థాయి. జర్నల్ మాత్రం ఆ 8 శాతంలోని ఒక్క పేరాను చూసి ఉపసంహరించవచ్చు. '10 శాతం లోపే ఉంది కదా' అని స్కాలర్లు ధీమాగా ఉండడం, ఆ అంకె వచ్చేదాకా పదాలు అటూ ఇటూ మార్చడం చాలా చోట్ల అలవాటైపోయింది. ఆ అంకెను చూపించి విదేశీ ఎడిటర్‌ను ఒప్పించలేం.

సంస్థ విచారణ ఎందుకు అవసరమో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2008లో వెలుగులోకి వచ్చిన వ్యవహారం చెబుతుంది. అక్కడి రసాయనశాస్త్ర ఆచార్యుడొకరు కొద్ది సంవత్సరాల్లో అనేక జర్నళ్లలో ప్రచురించిన సుమారు 70 పేపర్లలో కాపీ, కల్పిత డేటా ఉన్నాయన్న ఆరోపణలు అంతర్జాతీయంగా వార్తలయ్యాయి. ఒక్కో ఎడిటర్‌కు తన జర్నల్‌లోని ఒకటి రెండు పేపర్లే కనిపిస్తాయి. ల్యాబ్‌లో ఆ పరికరాలు ఉన్నాయా, అన్ని ప్రయోగాలు అంత కాలంలో చేయడం సాధ్యమా అన్నది సంస్థే చూడగలదు. విశ్వవిద్యాలయం విచారించి చర్య తీసుకుంది. జర్నళ్లు ఒక్కొక్కటిగా పేపర్లు వెనక్కి తీసుకున్నాయి.

ఇదంతా జవాబిచ్చే ఎడిటర్ ఉన్న జర్నళ్ల మాట. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చు వేసే జర్నళ్లకు రాస్తే జవాబు రాదు, వచ్చినా ఉపసంహరణకు రుసుము కట్టమని వస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. పేపర్ వెనక్కి తీసుకుంటామన్న రచయితలకు అడ్డుపడడం ఆ కేసులోని ఆరోపణల్లో ఒకటి. సరైన జర్నల్ ఏదీ తప్పు సరిదిద్దడానికి డబ్బు అడగదు. అలాంటి చోట ఇరుక్కున్న రచయిత పంపిన ఉత్తరాలు, తేదీలు భద్రపరచుకుని, వాటి ప్రతులను తన సంస్థకు ఇచ్చి, తన ప్రచురణల జాబితాలో ఆ పేపర్ పక్కన జరిగింది రాయాలి.

ఆ జాబితా సంగతి ఏ జర్నల్ అయినా వర్తిస్తుంది. ఉపసంహరించిన పేపర్ని జాబితాలోంచి తీసేయడం కన్నా, పక్కన 'ఉపసంహరించినది' అని ఉంచడం మేలు. పదోన్నతికో, గ్రాంటుకో ఆ పేపర్ని చూపించి ఉంటే ఆ కార్యాలయానికి తెలియజేయాలి. స్కాలర్ థీసిస్‌లో అదే అధ్యాయంగా చేరి ఉంటే థీసిస్ కూడా సరిచూడాలి.

చింతగింజల కొలతలు నిజమైనవే కదా, వాటి గతేమిటి? ఉపసంహరణ తర్వాత కూడా వాటిని మళ్లీ రాసి పంపవచ్చు. ప్రతి వాక్యం కొత్తగా రాసి, ఆమ్లగుణం వివరణను దాని అసలు రచయితలకు ఆపాదించి, సొంతంగా గీసిన బొమ్మ పెట్టి, కవరింగ్ లెటర్‌లో ఇలా ఒక మాట చేర్చాలి: ఈ ఫలితాలు ఇంతకుముందు ఫలానా జర్నల్‌లో అచ్చయ్యాయి, పాఠం కాపీ అయినందువల్ల ఆ పేపర్ ఉపసంహరణ అయింది, దాని నోటీసు డీఓఐ ఇది. ఈ మాట దాచి పంపితే ఒకే ఫలితాలను రెండుసార్లు అచ్చు వేయించారన్న కొత్త ఫిర్యాదు వస్తుంది. చెప్పి పంపితే కొందరు ఎడిటర్లు వద్దంటారు, కొందరు సమీక్షకు పంపుతారు. సమీక్షకు వెళ్లిన పక్షంలో ల్యాబ్ నోట్‌బుక్ పేజీలు మళ్లీ అడుగుతారు కాబట్టి, ఆ ఫొటోలను ఈసారి ముందే జతచేసి పంపడం మంచిది.